వైరస్ అక్షరాలు ‘కాదు’ అన్నంత గట్టిగా ‘అవును’ అనవు

కోవిడ్ రోజుల్లో నేను వైరస్ జన్యుక్రమాన్ని అక్షరం అక్షరంగా చదివే ఒక సీక్వెన్సింగ్ ల్యాబ్‌లో డేటా విశ్లేషణ చూసేవాణ్ణి. ఒక ఆసుపత్రి వార్డులో వరుసగా కొందరు రోగులకు వైరస్ సోకడంతో, అది ఎవరి నుంచి మొదలైందో చెప్పమని శాంపిళ్లు మాకు పంపారు. ఒక నర్సు శాంపిల్‌లోని వైరస్‌కూ, ఆమె చూసిన ఒక రోగి శాంపిల్‌లోని వైరస్‌కూ మధ్య ఒక్క అక్షరం కూడా తేడా రాలేదు. నేను పట్టికలో ఆ గడిలో సున్నా వేసి పంపాను. తరువాత జరిగిన సమావేశంలో ఒక పెద్ద డాక్టరుగారు ఆ సున్నా మీద వేలు పెట్టి, “ఇంక అనుమానం ఏముందండీ, సిస్టర్ నుంచే వచ్చింది” అన్నారు. ఆ నర్సు కూడా ఆ గదిలోనే ఉన్నారు. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఊరికే కూర్చోలేక అదే నెలలో మా దగ్గరికి వచ్చిన మిగిలిన శాంపిళ్లన్నిటితో ఆ జన్యుక్రమాన్ని పోల్చి చూశాను. ఆ వార్డుతో ఏ సంబంధమూ లేని పదకొండు మంది దగ్గర కూడా అక్షరం పొల్లుపోకుండా అదే వైరస్ ఉంది. అంటే నర్సుకూ రోగికీ మధ్య ఉన్న ‘సున్నా’ ఆ పదకొండు మందికీ ఆ రోగికీ మధ్య కూడా ఉంది. నా పట్టిక అబద్ధం చెప్పలేదు, కానీ అది చెప్పిన నిజం ఆ గదిలోని వాళ్లు విన్న నిజం కాదు. మరునాడు సవరణ పంపాను. అయితే సవరణను మొదటి మాటంత శ్రద్ధగా ఎవరూ చదవరు.

అప్పటి నుంచి నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. వ్యాధి వ్యాపిస్తున్నప్పుడు జన్యుక్రమం మనకిచ్చే అసలైన బలం ‘ఇది ఇలా జరగలేదు’ అని చెప్పడంలో ఉంది. ‘ఇది ఇలాగే జరిగింది’ అని అది సాధారణంగా చెప్పలేదు. మనం మాత్రం దాన్ని ఎప్పుడూ రెండో మాటే అడుగుతాం.

చిన్న లెక్క

కోవిడ్ వైరస్ జన్యుక్రమం పొడవు దాదాపు 29,900 అక్షరాలు. మనుషుల మధ్య తిరుగుతున్న ఒక వంశంలో సగటున నెలకు రెండు అక్షరాలు మారి నిలబడతాయి. తొలి రోజుల వైరస్ ఒకరి నుంచి మరొకరికి సోకడానికి సుమారు ఐదు రోజులు పట్టేదనుకుంటే, నెలలో ఆరు సార్లు చేతులు మారుతుంది. ఆరు చేతులకు రెండు మార్పులంటే, ఒక్కో చేతి మార్పుకు మూడింట ఒక మార్పు.

మూడింట ఒక మార్పు అనేది సగటు మాత్రమే, ఎందుకంటే అక్షరం మారితే పూర్తిగా మారుతుంది, లేకపోతే అసలు మారదు. మామూలు సంభావ్యతా సూత్రంతో లెక్కిస్తే, నేరుగా ఒకరి నుంచి మరొకరికి సోకిన పది జంటల్లో సుమారు ఏడింటిలో రెండు జన్యుక్రమాలూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. మధ్యలో మరో మనిషి ఉంటే, అంటే రెండు చేతులు మారితే, ఒకేలా ఉండే అవకాశం సగానికి వస్తుంది. మూడు చేతులు మారిన తరువాత కూడా అది మూడింట ఒక వంతు కన్నా ఎక్కువే. అందుకే నా పట్టికలోని సున్నాకు ‘నర్సు నుంచి రోగికి’ అనేది ఒక వివరణ మాత్రమే. ‘రోగి నుంచి నర్సుకు’, ‘ఇద్దరికీ మూడో వ్యక్తి నుంచి’, ‘ఇద్దరి మధ్యా మనకు తెలియని మరో ఇద్దరు’ అనే వివరణలకు కూడా ఆ సున్నా బాగానే సరిపోతుంది.

ఇదే లెక్కను వెనక్కి తిప్పితే జన్యుక్రమం బలం కనిపిస్తుంది. ఆ నర్సు వైరస్‌కూ రోగి వైరస్‌కూ మధ్య పన్నెండు అక్షరాల తేడా వచ్చి ఉంటే, ఒకే వారంలో ఒకరి నుంచి ఒకరికి సోకిందన్న కథ అక్కడితో ముగిసేది. డ్యూటీ చార్టులో వాళ్లిద్దరూ ఒకే గదిలో ఎన్ని గంటలున్నా ఆ కథ తిరిగి లేవదు. క్షయ బాక్టీరియా విషయంలో ఈ గీత ఇంకా స్పష్టంగా గీశారు. దాని జన్యుక్రమం దాదాపు 44 లక్షల అక్షరాలున్నా, అది ఏడాదికి సగం అక్షరం చొప్పున మాత్రమే మారుతుంది. ఇద్దరి మధ్య తేడా ఐదు అక్షరాల లోపు ఉంటే ఇటీవలే సోకి ఉండవచ్చని, పన్నెండు దాటితే ఇటీవలి సంక్రమణ కాదని చాలా చోట్ల పాటిస్తారు. ఆ ‘కాదు’ మీద ధైర్యంగా సంతకం పెట్టవచ్చు. ‘ఉండవచ్చు’ మాత్రం కొన్ని సంవత్సరాల కాలాన్ని తన కడుపులో దాచుకుని ఉంటుంది.

దిక్కు ఎటు?

ఒక అక్షరం తేడా ఉంటే దిక్కు తెలుస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. పాత వైరస్‌లో ‘సి’ ఉన్న చోట మొదటి మనిషిలోనూ ‘సి’ ఉండి, రెండో మనిషిలో ‘టి’ ఉంటే, మొదటి మనిషి నుంచి రెండో మనిషికి వెళ్లినట్టే కదా అన్నది వాళ్ల వాదన. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

అయితే ఒక మనిషి శరీరంలో వైరస్ ఒక్కటే రూపంలో ఉండదు. మనం ల్యాబ్‌లో రాసే జన్యుక్రమం ఆ గుంపులో ఎక్కువ మంది అనే మాటే. నూటికి ఐదు వైరస్‌లలో ‘టి’ ఉన్నా, మిగిలిన తొంభై ఐదింటిలో ‘సి’ ఉంటే మనం ‘సి’ అనే రాస్తాం. ఒకరి నుంచి మరొకరికి దాటే వైరస్ కణాల సంఖ్య చాలా తక్కువ, కొన్నిసార్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆ దాటిన కొన్నిటిలో ‘టి’ ఉన్నది పడితే, రెండో మనిషిలో అదే పెద్ద గొంతు అవుతుంది. అలాగే ‘సి’ ఉన్న మనిషి నుంచి శాంపిల్ ఎప్పుడు తీశారు, అతనికి ఎప్పుడు సోకింది అనేవి కూడా వేరువేరు ప్రశ్నలు. మూడో మనిషి ఇద్దరికీ అంటించి, రెండో వాడిలో మాత్రం అక్షరం మారి ఉంటే, వైరస్‌ల వంశవృక్షం మీద గీత సరిగ్గా అలాగే కనిపిస్తుంది.

వైరస్‌ల వంశవృక్షమూ, మనుషుల మధ్య సంక్రమణ వృక్షమూ వేరువేరు. మొదటిది మన దగ్గరకు వచ్చిన శాంపిళ్ల నుంచి గీసినది. రెండోదానిలో మన దగ్గరకు రాని మనుషులు కూడా ఉంటారు, సాధారణంగా వాళ్లే ఎక్కువ.

చేయగలిగినంతా చేసిన ఒక కేసు

ఈ రెండు వృక్షాలనూ జాగ్రత్తగా కలిపి చదివిన సందర్భంగా నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 2011లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) క్లినికల్ సెంటర్‌లో జరిగినది. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియాలో, చివరి ఆయుధాలుగా దాచుకునే కార్బపెనెమ్ మందులకు కూడా లొంగని రకం ఒక రోగితో పాటు ఆ ఆసుపత్రిలోకి వచ్చింది. ఆమెకు ఇన్‌ఫెక్షన్ ఉందని ముందే తెలుసు కాబట్టి విడిగా ఉంచారు. ఆమె డిశ్చార్జ్ అయి వెళ్లిపోయారు. మూడు వారాల తరువాత మరో రోగిలో అదే బాక్టీరియా బయటపడింది. ఆ మూడు వారాల్లో ఎవరిలోనూ దాని ఆనవాలు కనిపించలేదు. చివరికి మొత్తం పద్దెనిమిది మందికి సోకింది. వారిలో పదకొండు మంది చనిపోయారు, ఆరుగురి మరణానికి ఈ బాక్టీరియానే కారణమని లెక్కించారు.

సహజంగా వచ్చిన అనుమానం ఏమిటంటే, మూడు వారాల ఖాళీ ఉంది కాబట్టి ఇది బయటి నుంచి రెండోసారి వచ్చిన వేరే బాక్టీరియా కావచ్చునని. దాదాపు అరవై లక్షల అక్షరాల జన్యుక్రమాన్ని పూర్తిగా చదివిన తరువాత ఆ అనుమానం నిలవలేదు. అందరి బాక్టీరియా మొదటి రోగి బాక్టీరియా నుంచి వేళ్ల మీద లెక్కించగలిగే తేడాలతోనే ఉంది. ఇక్కడ కూడా జన్యుక్రమం గట్టిగా చెప్పినది ఒక ‘కాదు’నే: ఇది రెండోసారి ప్రవేశించినది కాదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దాని తరువాతి అడుగు. ఆ పరిశోధకులు మొదటి రోగి నుంచి ఒక్క శాంపిల్‌తో సరిపెట్టుకోలేదు. ఆమె శరీరంలోని వేరువేరు చోట్ల నుంచి తీసిన బాక్టీరియాలను విడివిడిగా చదివారు. అవి తమలో తాము కొన్ని అక్షరాల తేడాతో ఉన్నాయి. మిగిలిన రోగుల బాక్టీరియాలను ఆ తేడాలతో పోల్చినప్పుడు, ఆమె నుంచి ఒకసారి కాదు, మూడు విడివిడి సందర్భాల్లో ఇతరులకు సోకిందని తేలింది. ఆమె నుంచి ఒక్క శాంపిలే తీసుకుని ఉంటే, ఆ మూడు దారులూ ఒక్క దారిగా కనిపించేవి, లేదా మనం లేని ఒక మధ్యవర్తిని ఊహించుకునేవాళ్లం.

అంతటితో వాళ్లు ఆగలేదు. చెట్టు చూపిన కొన్ని సంబంధాలు వార్డు రికార్డులకు పొసగలేదు. అప్పుడు వాళ్లు చెట్టును నమ్మి రికార్డులను పక్కన పెట్టలేదు, రికార్డులను నమ్మి చెట్టును పక్కన పెట్టనూ లేదు. చెట్టు వేసిన ప్రశ్న పట్టుకుని మళ్లీ రికార్డుల్లోకి వెళ్లి, ఎవరు ఎప్పుడు ఏ వార్డులో ఉన్నారో వెతికారు. కొన్నిటికి జరిగి ఉండగల వివరణలు దొరికాయి. శుభ్రం చేసిన తరువాత కూడా ఒక వెంటిలేటర్ మీద ఆ బాక్టీరియా మిగిలి ఉన్నట్టు కూడా బయటపడింది. ఆ క్రమం చూస్తే జన్యుక్రమం అక్కడ తీర్పరిలా కాక, ఎక్కడ వెతకాలో చూపే మనిషిలా పనిచేసిందని నాకనిపిస్తుంది.

నిర్దోషిత్వం

నా వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఆసుపత్రి నుంచి కాదు, కోర్టు నుంచి వచ్చింది. లిబియాలోని బెంఘాజీలో ఒక పిల్లల ఆసుపత్రిలో నాలుగు వందలకు పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకింది. చాలామందికి హెపటైటిస్ సి కూడా ఉంది. కావాలనే ఎక్కించారన్న ఆరోపణతో ఐదుగురు బల్గేరియా నర్సులకూ, ఒక పాలస్తీనా డాక్టరుకూ 2004లో మరణశిక్ష వేశారు. విదేశీ సిబ్బంది ఆ ఆసుపత్రికి వచ్చినది 1998 మార్చిలో.

2006లో కొందరు శాస్త్రవేత్తలు ఆ పిల్లల వైరస్ జన్యుక్రమాలను తీసుకుని ఒకే ప్రశ్న అడిగారు: ఈ వైరస్‌లన్నిటికీ ఉమ్మడి పూర్వీకుడు ఏ కాలం నాటిది? వైరస్‌ల మధ్య తేడాలను మార్పుల వేగంతో భాగిస్తే కాలం వస్తుంది. ఆ లెక్క ప్రకారం హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి వంశాలు రెండూ 1998 మార్చికి ముందే ఆ ఆసుపత్రిలో తిరుగుతూ ఉండి ఉండాలి. నిందితులు ఆ ఆసుపత్రిలో అడుగు పెట్టకముందే వైరస్ అక్కడ శాఖలుగా చీలడం మొదలైంది.

ఈ ఫలితం పిల్లలకు ఎవరు అంటించారో చెప్పలేదు, చెప్పాలని ప్రయత్నించనూ లేదు. ‘వీళ్లతో మొదలు కాలేదు’ అని మాత్రమే చెప్పింది. అయినా 2006 డిసెంబరులో అదే శిక్షను మళ్లీ ఖరారు చేశారు. వాళ్లు విడుదలైనది 2007 జులైలో, అదీ దౌత్య సంప్రదింపుల ద్వారా.

గుంటలూ ఖాళీలూ

ఇంతవరకు మన చేతికొచ్చిన అక్షరాలు సరైనవేనని అనుకుంటూ వచ్చాను. ల్యాబ్‌లో పనిచేసినవారెవరూ అలా ఊరికే అనుకోరు.

శాంపిళ్లను 96 గుంటల ప్లేట్లలో నడుపుతాం. ఒకసారి ఒకే ప్లేట్‌లో మూడు శాంపిళ్లు అచ్చంగా ఒకేలా వచ్చాయి. రోగులు మూడు వేరువేరు చోట్ల వాళ్లు. పెద్ద గొలుసేదో పట్టుకున్నామని మా బృందంలో ఒకరు ఉత్సాహపడ్డారు. ప్లేట్ పటం తీసి చూస్తే ఆ మూడూ పక్కపక్క గుంటలు. మధ్య దానిలో వైరస్ చాలా ఎక్కువగా ఉంది, అటూ ఇటూ ఉన్నవాటిలో చాలా తక్కువ. నీళ్లు మాత్రమే వేసిన నెగటివ్ కంట్రోల్ గుంటలో కూడా అదే వైరస్ ముక్కలు కనిపించాయి. ఒక్క చుక్క చిందినందుకు ఒక సంక్రమణ గొలుసు పుట్టింది. మొదటి శాంపిళ్లను మళ్లీ నడిపితే పక్క గుంటల్లోవి వేరే వంశానివని తేలింది.

రెండో తప్పు దీనికన్నా నిశ్శబ్దమైనది. వైరస్‌ను చదవడానికి దాని జన్యుక్రమాన్ని సుమారు 400 అక్షరాల ముక్కలుగా నకళ్లు తీసి పెంచుతాం. ఆర్టిక్ అనే పద్ధతి మూడో వెర్షన్‌లో ఇలాంటి ముక్కలు 98. ప్రతి ముక్కకూ రెండు కొసల్లో అతుక్కునే ప్రైమర్లు ఉంటాయి. ప్రైమర్ అతుక్కునే చోటే వైరస్ మారితే ఆ ముక్క సరిగ్గా పెరగదు, అక్కడ ఖాళీ మిగులుతుంది. డెల్టా వేరియంట్‌లో 72వ ముక్కకు ఇదే జరిగింది. స్పైక్ ప్రోటీన్‌లో 142వ స్థానంలోని మార్పు చాలా జన్యుక్రమాల్లో లేనట్టు కనిపించింది. ఆ మార్పు వైరస్‌లో ఉంది, చదువులో లేదు. ఖాళీని ఖాళీగా, అంటే ‘ఎన్’ అనే అక్షరంతో, వదిలేస్తే కనీసం తెలియనిది తెలియనట్టు ఉంటుంది. ఆ ఖాళీలో పాత వైరస్ అక్షరాలు నింపే సాఫ్ట్‌వేర్ అయితే, వైరస్ తన మార్పును తానే వెనక్కి తీసుకున్నట్టు చూపిస్తుంది.

ఖాళీలు ఉన్న రెండు జన్యుక్రమాలను పోల్చినప్పుడు, రెండింటిలోనూ చదివిన చోట్లనే లెక్కిస్తాం. 29,900లో 20,000 మాత్రమే ఇద్దరిలోనూ దొరికితే, ‘సున్నా తేడా’ అన్నది ఆ 20,000 గురించిన మాట. మిగిలిన మూడో వంతులో ఏముందో ఆ సున్నాకు తెలియదు. శాంపిల్ ఎంత బలహీనంగా ఉంటే అది ఇతరులతో అంత ఎక్కువగా ‘కలిసిపోతుంది’. ఈ వికృతమైన సంగతి తెలిసిన తరువాత సున్నాను చూస్తే నాకు ముందు కలిగేది అనుమానమే.

కొత్త వేరియంట్ విషయంలో కూడా

వేరియంట్లను గుర్తించడం దీనికి భిన్నమని, అక్కడ ఒక్కరి గురించి కాక వేల జన్యుక్రమాల గురించి మాట్లాడతాం కాబట్టి ఈ సందేహాలు వర్తించవని ఒక మిత్రుడు వాదించాడు. అతని మాటలో కొంత నిజముంది. అక్షరం మారిందా లేదా అనే విషయంలో వేల శాంపిళ్లు ఒకే మాట చెబితే తప్పు తగ్గుతుంది. కానీ ‘ఈ వేరియంట్ ఎక్కువవుతోంది, కాబట్టి ఇది వేగంగా అంటుకునే రకం’ అన్న వాక్యంలో మళ్లీ అదే దూకుడు ఉంది.

2020 వేసవిలో స్పైక్ ప్రోటీన్ 222వ స్థానంలో మార్పుతో ఒక వంశం మొదట స్పెయిన్‌లో పెరిగి, తరువాత యూరప్ అంతటా పాకింది. శరదృతువు నాటికి కొన్ని దేశాల్లో అదే ఎక్కువ. గ్రాఫ్ చూస్తే ఎవరైనా ఇది బలమైన రకమనే అంటారు. లోతుగా చూసినవారికి కనిపించినది వేరు. సెలవుల ప్రయాణాలు తిరిగి తెరుచుకున్నప్పుడు స్పెయిన్ నుంచి అది మళ్లీ మళ్లీ దిగుమతి అయింది. ఇతర రకాల కన్నా అది వేగంగా అంటుకుంటుందనడానికి ఆధారం దొరకలేదు. వైరస్ గొప్పదనమేమీ లేకుండానే ఒక వంశం ఒక ఖండాన్ని ఆక్రమించగలదు, విమానం టికెట్లు సరిపోతాయి.

అదే శరదృతువులో ఇంగ్లండ్‌లో ఆల్ఫా బయటపడింది. దాన్ని వేగంగా అంటుకునే రకమని నమ్మడానికి జన్యుక్రమం ఒక్కటే కారణం కాదు. నవంబరు లాక్‌డౌన్‌లో, ఒకే నిబంధనల కింద, ఇతర రకాలు తగ్గుతూ ఉంటే ఇది పెరిగింది. పైగా స్పైక్‌లో ఆరు అక్షరాలు రాలిపోవడం వల్ల పీసీఆర్ పరీక్షలో మూడు గుర్తుల్లో ఒకటి పలకడం మానేసింది. అందువల్ల సీక్వెన్సింగ్‌కు వెళ్లని లక్షల పరీక్షల్లో కూడా దాని పెరుగుదలను విడిగా చూడగలిగారు. రెండు వేరువేరు దారుల్లో వచ్చిన సమాచారం ఒకే మాట చెప్పింది. 222వ స్థానం మార్పుకు అలాంటి రెండో సాక్షి దొరకలేదు.

ఆల్ఫాలో మరో వింత ఉంది. నెలకు రెండు మార్పుల లెక్కకు అది లొంగలేదు, ఒక్కసారిగా బోలెడు మార్పులతో కనిపించింది. రోగనిరోధకత తగ్గిన ఒక మనిషిలో నెలల తరబడి ఉండిపోయి మారి ఉంటుందన్నది బలమైన ఊహ. గినియాలో 2021లో దీనికి తలకిందుల సంగతి జరిగింది. అక్కడ మళ్లీ వచ్చిన ఎబోలాకు దాదాపు 19,000 అక్షరాలు, ఏడాదికి ఇరవై పైచిలుకు మార్పులు అలవాటు. అంతకు ముందు మహమ్మారి ముగిసి సుమారు ఐదేళ్లు అయింది కాబట్టి వంద పైగా మార్పులు ఉండాలి, జంతువు నుంచి కొత్తగా వచ్చినదైతే వేరే శాఖలోనే ఉండాలి. అవి రెండూ కాదు. అది 2014–16 నాటి వంశమే, చాలా కొద్ది మార్పులతో. కోలుకున్న ఒక మనిషి శరీరంలో అన్నేళ్లూ దాగి ఉండి బయటికి వచ్చిందని తప్ప దానికి వేరే వివరణ కుదరలేదు.

ఈ మార్పుల గడియారం తప్పిందని పట్టుకోవాలంటే అది సాధారణంగా ఎంత వేగంతో నడుస్తుందో, దాని ముల్లు ఎంత మొరటుదో ముందే తెలిసి ఉండాలి. గినియాలో జవాబు దొరికింది కూడా రెండు ‘కాదు’ల తరువాతే.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగితే

ఇలా ప్రతి మాటకూ సందేహం తగిలిస్తే వార్డులో పనిచేసే వాళ్లకు మీ రిపోర్టు వల్ల లాభమేమిటని ఆ డాక్టరుగారే తరువాత నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. వ్యాధి పాకుతున్నప్పుడు ఎవరూ ఏడు పేజీల సందేహాలు చదవరు. రేపు పొద్దున ఏ గది మూయాలో వాళ్లకు తెలియాలి. గది మూయడానికి ‘కావచ్చు’ చాలునని, మనిషి మీద నింద వేయడానికి చాలదని ఆయనతో అన్నాను. ఆయన కొంత ఒప్పుకున్నారు, కొంత ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో ఆ రెండూ ఎప్పుడూ విడివిడిగా జరగవని ఆయన అన్న మాటకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

పట్టిక మాత్రం మార్చాను. సున్నా ఉన్న గడి పక్కన ఇప్పుడు రెండు సంఖ్యలు ఉంటాయి. ఇద్దరిలోనూ చదవగలిగిన అక్షరాలు ఎన్ని అన్నది మొదటిది, అదే నెలలో అదే జన్యుక్రమం ఉన్న సంబంధం లేని మనుషులు ఎంతమంది అన్నది రెండోది. ఆ రోజు నేను పంపిన పట్టికలో ఈ గడులు ఉండి ఉంటే, నర్సు పేరు పక్కన సున్నాతో పాటు పదకొండు కూడా కనిపించేది.